సగం వాయిదాలు కట్టినంత మాత్రాన సగం వడ్డీ వెనక్కి రాదు

ప్రశ్న: సార్, మేం గాజువాకలో ఉంటాం. ఆటోనగర్‌లో కాంట్రాక్టు ఉద్యోగం. పాత కారు కొనడానికి 2,40,000 అప్పు తీసుకున్నాను. 12 శాతం ఫ్లాట్ వడ్డీ, 24 నెలలు, నెలకు 12,400. ఇప్పటికి 12 వాయిదాలు కట్టేశాను. మిగిలింది ఒకేసారి తీర్చేద్దామని వెళితే 1,40,140 అడుగుతున్నారు. సగం కట్టేశాను కాబట్టి 1,20,000 ఇస్తే చాలనుకున్నాను. ఇది మోసం కాదా? బ్యాంకులో 1,60,000 ఉంది, కట్టేయమంటారా? లేదంటే వాళ్లే మళ్లీ 2,40,000 కొత్త లోన్ ఇచ్చి, పాతది అందులో సర్దేస్తామంటున్నారు.

జవాబు: కట్టేయకండి. కొత్త లోన్ మాట అసలే వద్దు. ఇక లెక్క సంగతి. ఫ్లాట్ వడ్డీకి అప్పు తీసుకున్నవాళ్లలో చాలామంది మీలాగే సగానికి సగం అనుకుని వెళ్లి, అక్కడ చెప్పిన అంకె విని కంగుతింటారు. అందుకే దీన్ని కాస్త విడమరచి చెబుతాను.

ఫ్లాట్ అంటే తగ్గే బాకీ మీద కాకుండా, తీసుకున్న మొత్తం అప్పు మీద గడువంతా కట్టే వడ్డీ. అలా మీ మొత్తం వడ్డీ 57,600. అది మొదటి రోజే అసలులో కలిసిపోయింది. ముందే తీర్చేస్తే అందులో ఎంత తగ్గించాలన్నది ఒప్పందం చెబుతుంది. మీకు చెప్పిన అంకెను బట్టి చూస్తే మీది ‘సమ్ ఆఫ్ డిజిట్స్’ పద్ధతి. కొన్ని కాగితాల్లో దీన్నే ‘రూల్ ఆఫ్ 78’ అని రాస్తారు, ఏడాది అప్పుకు 1 నుంచి 12 దాకా కూడితే 78 వస్తుంది కాబట్టి. మీది 24 నెలలు. 1 నుంచి 24 దాకా కూడితే 300. మొత్తం వడ్డీని 300 భాగాలు చేసి మొదటి నెలకు 24 భాగాలు, రెండో నెలకు 23, అలా తగ్గించుకుంటూ చివరి నెలకు ఒక్క భాగం వేస్తారు. అప్పు ఎక్కువగా ఉన్న నెలలకు వడ్డీ ఎక్కువ పడుతుందన్నమాట.

మీకు ఇంకా 12 వాయిదాలున్నాయి. 1 నుంచి 12 దాకా కూడితే 78. అంటే 300లో 78 భాగాల వడ్డీ తగ్గిస్తారు, అది 14,976. మిగిలిన 12 వాయిదాల మొత్తం 1,48,800లోంచి ఇది తీసేస్తే 1,33,824. దానిమీద ముందే తీర్చినందుకు వేసే 4 శాతం ఫోర్‌క్లోజర్ చార్జీ 5,353, ఆ చార్జీమీద 18 శాతం జీఎస్టీ 963. కూడి చూడండి, మీకు చెప్పిన 1,40,140 వస్తుంది. కూడికలో మోసం లేదు. 4 శాతం చార్జీ మాత్రం ఒప్పందంలో రాసి ఉందో లేదో చూసుకోండి. రాసి లేకపోతే కట్టనని చెప్పండి.

ఈ పద్ధతి మిమ్మల్ని ఎంత ముంచింది? మీరనుకున్నంత కాదు. ఫ్లాట్ 12 శాతం అన్నది అసలు తగ్గేకొద్దీ లెక్కగడితే ఏడాదికి 21.5 శాతం దాకా తేలుతుంది. ఆ రేటుతో నెలనెలా బాకీ లెక్క వేసినా ఈరోజు మీరు ఇవ్వాల్సింది దాదాపు 1,32,780. అంటే అంకెల పద్ధతి వల్ల మీకు అదనంగా పడింది వెయ్యి రూపాయల చిల్లర. సగం వాయిదాలు కట్టేసరికి సగం అసలు తీరదన్నదే మిగతా తేడా అంతటికీ కారణం. గడువు పెరిగితే మాత్రం కథ మారుతుంది. ఇదే 2,40,000 ఇదే ఫ్లాట్ రేటుకు 60 నెలలకు తీసుకుని 12 వాయిదాల తర్వాత తీర్చేసి ఉంటే, ఈ పద్ధతి వల్ల దాదాపు 5,500 అదనంగా పోయేది. అమెరికాలో 61 నెలలు దాటిన వినియోగదారుల అప్పులకు ఈ పద్ధతిని 1992 చట్టంతో నిషేధించింది కూడా ఇందుకే.

మీ అప్పులో 7 వాయిదాలు కట్టేసరికే దాదాపు సగం వడ్డీ వాళ్ల ఖాతాలో పడిపోయింది. 12కి వచ్చేసరికి 57,600లో 42,624 వెళ్లిపోయింది. ముందే తీర్చడం వల్ల లాభం ఉంటే అది మొదటి నెలల్లోనే.

ఇప్పుడు తీర్చేస్తే మీకు నిజంగా మిగిలేదెంత? తగ్గే వడ్డీ 14,976. అందులో చార్జీ, జీఎస్టీ కలిపి 6,316 పోతే 8,660. ఆ డబ్బు ఎఫ్‌డీలో 6 శాతానికి ఉంచి నెలకో వాయిదా తీసుకుంటూ పోతే వచ్చే వడ్డీ దాదాపు 4,500, అదీ వదులుకుంటారు. చివరికి మిగిలేది ఐదు వేల లోపే. దానికోసం బ్యాంకులో 1,60,000ను 20,000కు దించుకుంటారా? కాంట్రాక్టు ఉద్యోగంలో ఒక్క నెల జీతం ఆలస్యమైనా, ఇంట్లో ఎవరినైనా ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చినా ఆ 20,000 ఎన్ని రోజులొస్తుంది? అప్పుడు నూటికి మూడు రూపాయల చేబదులుకు పరిగెత్తుతారు. అది ఏడాదికి 36 శాతం.

ఇంటి ఖర్చు, వాయిదా కలిపి ఆరు నెలలకు సరిపడా డబ్బు మీ పేరున ఉండాలి. ఇంటి ఖర్చు 25,000 అనుకున్నా అది 2,24,400 అవుతుంది. మీ దగ్గరున్నది అందుకే చాలదు, దాన్ని ముట్టుకోవద్దు. కొంత నగదు ఇంట్లోనూ ఉంచండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో కరెంటు, ఫోన్లు లేక ఏటీఎంలు మూగబోయిన సంగతి మీకూ గుర్తుండే ఉంటుంది. ఆరోగ్య బీమా లేకపోతే ముందు ఆ ప్రీమియం కట్టండి.

ఇక వాళ్లిస్తామంటున్న కొత్త లోన్. 2,40,000లో పాతదానికి చార్జీలతో కలిపి 1,40,140 పోతే మీ చేతికొచ్చేది 99,860. మళ్లీ అదే రేటు, అదే గడువైతే 57,600 వడ్డీ మొత్తం 2,40,000 మీద కొత్తగా మొదలవుతుంది. మీరు 12 నెలలు కష్టపడి దాటొచ్చిన 24, 23, 22 భాగాల నెలలు మళ్లీ ఎదురొస్తాయి. వాళ్లకు ఇదే కావాలి. బ్యాంకులో లక్షన్నర పైన ఉండగా లక్ష కోసం ఈ పని చేయడం నాకైతే అర్థంకాని విషయం. రెండు మూడు వాయిదాలు ముందుగా కట్టినా, ఒప్పందంలో ప్రత్యేకంగా రాసి ఉంటే తప్ప ఫ్లాట్ వడ్డీలో పైసా తగ్గదు.

ఆరు నెలల డబ్బు పోగయ్యాక కూడా ముందే తీర్చాలనుకుంటే, తేదీ చూసుకుని వెళ్లండి. వాయిదా కట్టిన రోజునే ముగింపు లెక్క రాయించుకోవాలి. చాలాచోట్ల కొత్త నెల మొదలైతే ఆ నెల వడ్డీ మొత్తం లాగేస్తారు. ఈరోజుకైతే తగ్గింపు 78 భాగాలు, వారం ఆలస్యమైతే 66 భాగాలే కావచ్చు. అంటే 2,304 రూపాయల తేడా. లెక్క నోటిమాటగా వద్దు, ఎన్ని వాయిదాలు మిగిలాయి, ఎన్ని భాగాలు తగ్గించారు, చార్జీ దేనిమీద వేశారు, ఇవన్నీ కాగితం మీద అడగండి. మీ అప్పు 2024 అక్టోబరు 1 తర్వాతదైతే ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ ఇచ్చి ఉండాలి. అందులో నిజమైన ఏడాది రేటు, వాయిదాల పట్టిక, చార్జీలు ఉంటాయి. డబ్బు కట్టాక ఎన్‌వోసీతో పాటు ఫారం 35 రెండు ప్రతులు సంతకాలతో తెచ్చుకోండి. అవి లేకుండా ఆర్సీలో వాళ్ల పేరు తీయించలేరు, రేపు కారు అమ్మబోతే అక్కడే ఆగిపోతుంది.