నాయన ఫోటోకు సరేనన్న యాప్ ఆ అమ్మాయి ఫోటోకు ఎందుకు కుదరదంది?

ప్రశ్న: కడపలో ఏడురోడ్ల దగ్గర చిన్న ఫోటో స్టూడియో నడుపుతున్నా. ఫోటో ఇస్తే ఆ మనిషితో కొత్త ఫోటో తయారుచేసే యాప్ ఒకటి ఈమధ్య తీసుకున్నా. చనిపోయిన నాయనను కూతురి పెళ్లి ఫోటోలో నిలబెట్టమంటే ఒకసారి చేసింది, ఇంకోసారి కుదరదంది. ఒక అబ్బాయి తెచ్చిన అమ్మాయి ఫోటోకైతే నేరుగా పాలసీ నోట్ చూపించింది. అందులో అసభ్యం ఏమీ లేదే! ఆ ఇంగ్లిష్ నోట్ నాకు అర్థం కావట్లేదు. ఏది చేయొచ్చు, ఏది చేయకూడదు?
— ఒక పాఠకుడు, కడప

జవాబు: మీరు పంపిన స్క్రీన్‌షాట్లు మొత్తం చదివాను. నోట్‌లో మాటిమాటికీ likeness అనే మాట వస్తుంది. చూడగానే ఇది ఫలానా మనిషే అని గుర్తుపట్టేంత పోలిక అని దానర్థం. మిగతా షరతులన్నీ ఆ మాట చుట్టూనే తిరుగుతాయి. ఆ పోలిక ఎవరిదో వాళ్లు ఒప్పుకున్నారా, చూసినవాళ్లు అది నిజంగా జరిగిందని నమ్మి మోసపోతారా అన్నదే ఆ నోట్ అడుగుతోంది. అసభ్యంగా ఉందా లేదా అన్నది ఆ తర్వాతి మాట.

మీరు ఇన్నాళ్లూ చేస్తున్న టచింగ్ పనికీ దీనికీ తేడా ఉంది. బ్యాక్‌గ్రౌండ్ తెల్లగా మార్చినా, మొహం మీద మచ్చ తీసినా, కెమెరా ముందు కూర్చున్న మనిషి ఫోటోలో అలాగే ఉంటాడు. ఈ యాప్ అలా కాదు. మీరిచ్చిన ఫోటోలోంచి కళ్ల మధ్య దూరం, దవడ తీరు, ముక్కు ఆకారం లాంటివన్నీ కలిపి ఒక అంకెల వరుసగా పట్టుకుంటుంది. ఆ వరుసకు సరిపోయే మొహంతో ఎప్పుడూ జరగని దృశ్యాన్ని మొదటి నుంచి గీస్తుంది. ఆ మనిషి అక్కడ నిలబడలేదు, ఆ బట్టలు కట్టలేదు, ఆ చెయ్యి పట్టుకోలేదు. అందుకే టచింగ్‌కు అడగని అనుమతి దీనికి అడుగుతారు.

ఇక ఆ అమ్మాయి ఫోటో సంగతి. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మీ మెసేజ్ ప్రకారం ఆ అబ్బాయి ఇన్‌స్టాగ్రామ్‌లోంచి తీసిన ఫోటో తెచ్చి, తామిద్దరూ పూలదండలతో గుడి ముందు నిలబడినట్టు చేయమన్నాడు. పట్టుచీర, పసుపుతాడు, నిండుగా బట్టలు. మీకు తప్పేమీ కనబడలేదు. కానీ ఆ ఫోటో ఒక్కసారి వాట్సాప్‌లోకి వెళ్తే ఏమవుతుందో ఊహించండి. ఆ అమ్మాయికి జమ్మలమడుగులోనో రాయచోటిలోనో సంబంధం కుదిరి ఉందనుకుందాం. వరుడి చిన్నాయన ఫోన్‌కు ఈ ఫోటో చేరితే చాలు. అది యాప్‌లో చేసింది అని ఆమె ఎంతమందికి, ఎన్నిసార్లు చెప్పుకోవాలి? నోట్‌లో intimate or romantic context అని రాసింది అందుకే. నగ్నంగా చూపడం ఒక్కటే కాదు, ఒప్పుకోని మనిషిని ప్రేమికురాలిగా, భార్యగా చూపడమూ నిషేధమే. ఫోటో అందరికీ కనిపించేలా పెట్టుకుంది కదా అనే వాదన చెల్లదు. చూడటానికి పెట్టిన ఫోటో వేరే దృశ్యంలో తనను వాడుకోవడానికి ఇచ్చిన అనుమతి కాదు.

మన చట్టమూ దీన్ని పట్టించుకుంటుంది. 2021 ఐటీ నిబంధనల్లో, మార్ఫింగ్ చేసిన ఫోటోతో తనలా నమ్మించారని బాధితులు ఫిర్యాదు చేస్తే దాన్ని తొలగించే బాధ్యత ఆ ప్లాట్‌ఫాం మీద పెట్టారు. ఆమె cybercrime.gov.in లో ఫిర్యాదు చేస్తే, ఆ ఫోటో ఎక్కడ తయారైందని పోలీసులు అడగొచ్చు. అప్పుడు ముందుకొచ్చేది మీ స్టూడియో పేరే. ఆ ఆర్డర్ వద్దని చెప్పి పంపించడమే సరైన పని. ఫోటో మీ కంప్యూటర్‌లో ఉంటే తీసేయండి.

అయితే నాయన ఫోటో ఒకసారి అయ్యి ఇంకోసారి ఎందుకు ఆగింది? యాప్‌కు మనసులు చదవడం రాదు. పెట్టిన ఫోటోలో ఎవరున్నారో చూస్తుంది, మీరు టైప్ చేసిన మాటలు చూస్తుంది, చివర తయారైన బొమ్మనూ చూస్తుంది. మూడింటిలో ఎక్కడ అనుమానం వచ్చినా ఆపేస్తుంది. మీరు రెండోసారి ఇచ్చింది కుటుంబమంతా ఉన్న గ్రూప్ ఫోటో. అందులో నాయన ఒడిలో నాలుగైదేళ్ల పిల్ల ఉంది. పిల్లలు కనిపిస్తే ఇలాంటి యాప్‌లు చాలావరకు వెనక్కి తగ్గుతాయి. పైగా గ్రూప్ ఫోటో మొత్తం ఇస్తే అందులోని ప్రతి మొహమూ రిఫరెన్స్ కిందే లెక్క, వాళ్లెవరినీ మీరు అడగలేదు. మీకు కావాల్సింది ఆయన ఒక్కరే కాబట్టి ఆయన ఒక్కరే ఉన్న ఫోటో అడిగి తీసుకోండి.

చనిపోయినవారి విషయంలో ఆ నోట్ దగ్గరి కుటుంబం అనుమతి చాలంటోంది. కూతురు అడిగింది కదా అని ఆగకుండా, ఆమె అమ్మతోనూ ఒకమాట మాట్లాడండి. తయారైన ఫోటో కూడా వాళ్లకు ముందే చూపించండి. మీరు పంపిన శాంపిల్‌లో నాకు రెండు లోపాలు కనిపించాయి. పాత ఫోటోలో ఆయన ఎడమ చెంప మీద ఉన్న పులిపిరి కొత్తదానిలో లేదు. రంగు కూడా రెండు మూడు ఛాయలు తెల్లబడింది. పాత ఫోటోలో మొహం పెసరగింజంత ఉంటే యాప్‌కు దొరికే వివరం తక్కువ, మిగతాది అది సొంతంగా కల్పిస్తుంది. భుజాలు, ఎత్తు, చేతులు మొత్తం కల్పనే. నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషికి ఆ తేడా ఒక్క చూపులో తెలుస్తుంది. అది పెళ్లిరోజు ఫ్రేమ్ విప్పినప్పుడు తెలియకూడదు.

స్టూడియోకు వచ్చే ఆర్డర్లలో ఇంకో రెండు జాగ్రత్తలు. ఫ్లెక్సీల కోసం నాయకుడి ఫోటో తెచ్చి, ఆయన తన భుజం మీద చెయ్యి వేసినట్టు చేయమంటారు. ఇద్దరి ఫోటోలు కత్తిరించి పక్కపక్కన పెట్టడం ఎప్పటి నుంచో ఉన్నదే, అది అతికించిందని చూసినవాడికి తెలుస్తుంది. భుజం మీద చెయ్యి నిజమైన ఫోటోలా వస్తే అది అబద్ధపు సాక్ష్యం. నోట్ దాన్ని ఒప్పుకోదు. అలాగే మనిషి రాలేదని పాత ఫోటోతో కొత్త పాస్‌పోర్ట్ సైజు ఫోటో తయారుచేయకండి. గుర్తింపు పత్రాల మీద ఉండాల్సింది కెమెరా చూసిన మొహమే.

నాయన ఫోటో తయారయ్యాక యాప్ కింద మూలలో పెట్టే చిన్న గుర్తును క్రాప్ చేయొద్దు. ఫైల్ లోపల ఇది తయారుచేసిన బొమ్మ అని రాసి ఉండే సమాచారం వాట్సాప్‌లో ఫోటోగా పంపితే పోతుంది, కాబట్టి కస్టమర్‌కు డాక్యుమెంట్‌గా పంపండి. మీ ఆర్డర్ పుస్తకంలో ఎవరి ఫోటో, ఎవరు అడిగారు, ఇంట్లో ఎవరు ఒప్పుకున్నారు అని రాసుకుని సంతకం పెట్టించుకోండి. ఫ్రేమ్ వెనక మాత్రం తెలుగులోనే, పెద్ద అక్షరాలతో రాయండి: పాత ఫోటో చూసి తయారుచేసింది.