చేసిందెవరో దొరకని వాక్యం

ప్రశ్న: మా కార్యాలయ నివేదిక రాసే పని ఈసారి నాకు వచ్చింది. పాత నివేదికల్లో ఒక్కో వాక్యం చదవడానికి ఊపిరి చాలడం లేదు. అంతా 'చేయబడినది', 'జరుపబడినది'. సూటిగా తిరగరాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: కొన్నేళ్ల కిందట నా చేతికి వచ్చిన పేరా ఇది. ఊళ్లు, పేర్లు తీసేశాను.

"పెండింగ్ దరఖాస్తుల పరిష్కార జాప్య నివారణ చర్యల అమలు పర్యవేక్షణ నిమిత్తం ఉపసంఘం ఏర్పాటు చేయబడినది. సదరు ఉపసంఘం ద్వారా 240 దరఖాస్తుల పరిశీలన జరుపబడి, ధ్రువపత్రాల లోపం కారణంగా 90 దరఖాస్తులు తిరస్కరింపబడినవి. మిగిలిన వాటి విషయమై తగు చర్యలు తీసుకొనబడుచున్నవి."

మొదట నేనూ అందరిలాగే 'చేయబడినది' ఉన్నచోటల్లా 'చేయడం జరిగింది' అని మార్చాను. అలా చేయకండి. చేసిందెవరో అప్పుడూ తెలియదు, పైగా వాక్యం ఇంకాస్త పొడుగవుతుంది.

మొదటి వాక్యంలో 'నిమిత్తం' ముందు ఎనిమిది మాటలు గొలుసుకట్టి ఉన్నాయి. అలాంటి గొలుసును చివరినుంచి విప్పాలి. పర్యవేక్షణ దేనిమీద? అమలు మీద. ఏం అమలు? చర్యలు. ఆ చర్యలు ఎందుకు? జాప్యం ఆపడానికి. దేనిలో జాప్యం? దరఖాస్తుల పరిష్కారంలో. ఇప్పుడు పరిష్కారం, నివారణ, అమలు, పర్యవేక్షణ అనే మాటల కింద గీత గీయండి. నాలుగూ క్రియలే, నామవాచకాల వేషంలో ఉన్నాయి. వాటిలో అవసరమైనవాటిని మళ్లీ క్రియలుగా మార్చితే గొలుసు రెండు వాక్యాలుగా విడిపోతుంది: "దరఖాస్తులు ఆలస్యం కాకుండా మూడు మార్పులు చేశాం. అవి అమలవుతున్నాయో లేదో చూడడానికి సంచాలకులు ఒక ఉపసంఘాన్ని నియమించారు." ఆ 'మూడు' అసలు పేరాలో లేదు. 'చర్యలు' అంటే ఏమిటని అడిగితేనే బయటపడింది.

రెండో వాక్యం దగ్గర నిజంగా చిక్కుపడ్డాను. 'తిరస్కరింపబడినవి' అన్నచోట కర్తను పెట్టబోయి, ముందున్న ఉపసంఘం పేరే రాశాను. చిత్తుప్రతి చూసిన విభాగాధికారి కంగారుపడ్డారు. ఉపసంఘానికి తిరస్కరించే అధికారం లేదు. అది సిఫార్సు చేసింది, తిరస్కరించింది ఆయన. కర్మణి వాక్యంలో ఎవరికీ కనిపించని తేడా అది. 'ధ్రువపత్రాల లోపం' కూడా అలాంటిదే. పత్రం లేకపోవడమా, ఉన్న పత్రంలో తప్పా? దస్త్రాలు తీసి చూస్తే 62 దరఖాస్తులకు అసలు పత్రమే లేదు, 28 దరఖాస్తుల్లో గడువు తీరిన పత్రం ఉంది. చివరికి ఇలా రాశాను:

"240 దరఖాస్తులను ఉపసంఘం పరిశీలించింది. 62 మంది ధ్రువపత్రం జతచేయలేదు, 28 మంది గడువు తీరిన పత్రం ఇచ్చారు. ఉపసంఘం సిఫార్సు మేరకు ఈ 90 దరఖాస్తులను విభాగాధికారి తిరస్కరించారు."

మొదటి వాక్యంలో దరఖాస్తులే ముందున్నాయి, గమనించారా? చెప్పదలచిన వస్తువు ముందుండాలంటే కర్మణి తప్పదని కొందరు వాదిస్తారు. తెలుగులో ఆ అవసరం లేదు. 'ను' చేర్చి కర్మను ముందుకు తెచ్చినా క్రియ కర్తరిలోనే ఉంటుంది.

మూడో వాక్యానికి కర్త కోసం రెండు రోజులు తిరిగాను. మిగిలిన 150 దరఖాస్తులు ఎవరి దగ్గర ఉన్నాయని అడిగితే ఒక విభాగం ఇంకో విభాగాన్ని చూపించింది. అవి అలమరలో ఉన్నాయి, ఎవరూ ముట్టుకోలేదు. 'తగు చర్యలు తీసుకొనబడుచున్నవి' అన్న మాటకు అసలు అర్థం అదన్నమాట! మా పై అధికారి ముందు ఆ వాక్యం కొట్టేయమన్నారు, తర్వాత ఒక గుమస్తాకు పని అప్పగించి, "మిగిలిన 150 దరఖాస్తులను రికార్డుల విభాగం నెలాఖరులోగా పరిశీలిస్తుంది" అని రాయించారు.

ఒక జాగ్రత్త. గొలుసు విప్పే ఉత్సాహంలో 'గడువు తీరిన పత్రాలు ఇచ్చిన దరఖాస్తుదారులు పెట్టుకున్న అర్జీలను పరిశీలించిన ఉపసంఘం చేసిన సిఫార్సు' అని రాయవచ్చు. నేను రాశాను. నామవాచకాల బదులు 'తీరిన, ఇచ్చిన, పెట్టుకున్న' పేరుకుంటాయి, పాఠకుడు క్రియ కోసం అలాగే చివరిదాకా ఎదురుచూస్తాడు. ఒక నామవాచకం ముందు అలాంటివి రెండు దాటితే నేను వాక్యం తెంచేస్తాను.

అన్ని 'బడు'లనూ వేటాడనక్కర్లేదు. నిబంధననో ఉత్తర్వునో యథాతథంగా ఉటంకిస్తున్నప్పుడు దాని మాటలు ముట్టుకోకండి. చేసిందెవరో నిజంగా తెలియనప్పుడు, ఉదాహరణకు తాళం పగిలి ఉంటే, 'తాళం పగిలి ఉంది' అంటే చాలు. 'పగులగొట్టబడినది' అనడానికి ఎవరో పగులగొట్టారని ముందు మీకు తెలిసి ఉండాలి.