నగ బిల్లులో తరుగు, మజూరీ, జీఎస్టీ ఎలా లెక్కేస్తారు?

"20 గ్రాముల చెయిన్‌కి 22.4 గ్రాముల డబ్బు ఎందుకు తీసుకున్నారు? మజూరీ, టాక్స్ మళ్ళీ వేరే ఎందుకు?"

ఆ 2.4 గ్రాములే తరుగండి, అంటే 12 శాతం. నగ చేసేటప్పుడు పొడిగా, ముక్కలుగా పోయే బంగారమని చెబుతారు గానీ అందులో చాలావరకు తిరిగి కరిగించుకుంటారు, కాబట్టి నిజానికి అది కూడా మజూరీ లాంటిదే.

ఆ రోజు 22 క్యారెట్ల ధర గ్రాము 9,000 అనుకుందాం. 22.4 గ్రాములకి 2,01,600. దానికి మజూరీ 2,000 కలిపితే 2,03,600. ఈ మొత్తం మీద 3 శాతం జీఎస్టీ 6,108, అంటే తరుగు మీద కూడా టాక్స్ కడుతున్నట్టే. చివరికి 2,09,708, పైన హాల్‌మార్క్ ఛార్జీ కొద్దిగా.

"మజూరీ లేదు" అని బోర్డు పెట్టిన చోట తరుగు శాతం ముందే అడగండి, అక్కడే కలిపేస్తారు. బేరం కూడా దాని మీదే ఆడాలి, టాక్స్ ఎవరూ తగ్గించలేరు. రాళ్ళ నగైతే రాళ్ళ బరువు తీసేసిన నికర బరువు మీదే తరుగు వేశారో లేదో బిల్లులో చూసుకోండి, మా ఇంట్లో ఒకసారి మొత్తం బరువు మీద వేసేశారు.