శీఘ్రస్ఖలనం: ఆపి మొదలుపెట్టే అభ్యాసం

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. పెళ్లయి ఏడు నెలలైంది. కలయిక మొదలుపెట్టిన అర నిమిషంలోనే స్ఖలనమైపోతోంది. ఒక్కోసారి అంగప్రవేశానికి ముందే అయిపోతుంది. హాస్టల్లో ఉన్న రోజుల్లో హస్తప్రయోగం ఎక్కువగా చేసేవాణ్ణి, దానివల్ల నరాలు బలహీనపడ్డాయని స్నేహితుడు అంటున్నాడు. లేహ్యం రెండు నెలలు వాడినా మార్పు లేదు. నా భార్య ఏమీ అనదు కానీ, ఇప్పుడు నేనే ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకుంటున్నాను. మందులు లేకుండా ఇది తగ్గుతుందా?

జవాబు: చాలావరకు తగ్గుతుంది. ముందుగా నరాల బలహీనత అనే మాటను మనసులోంచి తీసివేయండి. హస్తప్రయోగంతో నరాలు బలహీనపడవు, వీర్యం పోయినందువల్ల శక్తి తరగదు. ఆ భయాన్ని పెట్టుబడిగా చేసుకుని లేహ్యాలు అమ్మేవారి వల్ల ఎంతోమంది యువకులు డబ్బుతోపాటు ఆత్మవిశ్వాసాన్నీ పోగొట్టుకోవడం చూసి నాకు బాధ కలుగుతుంది. అయితే హాస్టల్ రోజులకు మీ సమస్యతో ఒక సంబంధం ఉండవచ్చు. ఎవరైనా తలుపు తడతారేమోనన్న కంగారులో పని త్వరగా ముగించడం ఏళ్ల తరబడి సాగితే, ఉద్రేకం మెల్లగా పెరిగే దశలను గమనించే అవకాశమే దొరకదు. మొదటి స్పర్శ నుంచి నేరుగా స్ఖలనానికి పరుగెత్తడమే అలవాటవుతుంది.

ఇది ఒక్కటే కారణమని చెప్పలేము. స్ఖలన వేగాన్ని నియంత్రించడంలో మెదడులోని సెరటోనిన్ అనే రసాయనానికి ముఖ్యమైన పాత్ర ఉంది, కొందరిలో ఆ వేగం పుట్టుకతోనే ఎక్కువగా ఉంటుంది. దీనికి ఆందోళన తోడవుతుంది. ఈసారైనా నిలబడతానా అని భయపడుతూ పక్క మీదకు వెళ్లేవారిలో గుండె వేగం, కండరాల బిగుతు ముందే పెరిగి ఉంటాయి, స్ఖలనాన్ని తొందరపెట్టేదీ అదే నాడీవ్యవస్థ. పైగా మీరు తప్పించుకుంటున్నకొద్దీ కలయికల మధ్య ఎడం పెరుగుతుంది. ఎడం పెరిగినకొద్దీ స్ఖలనం మరింత త్వరగా అవుతుంది, అది చూసి భయం ఇంకా పెరుగుతుంది.

స్ఖలనం రెండు దశల్లో జరుగుతుందని తెలిస్తే అభ్యాసం సులువవుతుంది. మొదటి దశలో వీర్యం లోపలి గ్రంథుల నుంచి మూత్రనాళం మొదటికి చేరుతుంది, రెండో దశలో కటి కండరాలు లయబద్ధంగా బిగిసి దాన్ని బయటకు నెడతాయి. మొదటి దశ మొదలైపోయాక ఆపడం ఎవరి తరమూ కాదు. నియంత్రణ అంటే ఆ క్షణం దగ్గరికి వస్తున్నదని ముందుగా గుర్తుపట్టి, దానికి చాలా ఇవతలే ఆగడం. అమెరికాలో జేమ్స్ సీమన్స్ అనే వైద్యుడు 1956లో ఈ సూత్రం మీదనే ఆపి మొదలుపెట్టే పద్ధతిని ప్రచురించారు, 1970లో లైంగిక పరిశోధకులు మాస్టర్స్, జాన్సన్ దానికి నొక్కిపట్టే పద్ధతిని చేర్చారు.

మొదటి రెండు వారాలు ఇది మీరు ఒంటరిగా చేయవలసిన సాధన. వారానికి మూడుసార్లు, ఎవరూ పిలవని సమయంలో, పదిహేను నిమిషాలు కేటాయించండి. ఉద్రేకానికి సున్నా నుంచి పది వరకు మనసులోనే ఒక కొలత పెట్టుకోండి, పది అంటే స్ఖలనం. పొడి చేతితో నెమ్మదిగా ప్రేరేపించుకుంటూ, ఏడుకు చేరగానే చేతిని పూర్తిగా తీసేయండి. ఉద్రేకం మూడు, నాలుగుకు దిగేదాకా పొట్ట నిండా నెమ్మదిగా ఊపిరి తీసి వదలండి. సాధారణంగా అర నిమిషం నుంచి ఒక నిమిషం పడుతుంది. ఆ తరువాత మళ్లీ మొదలుపెట్టండి. ఇలా మూడుసార్లు ఆగి, నాలుగోసారి స్ఖలనం కానివ్వండి. మొదట్లో ఏడు ఎక్కడుందో మీకు తెలియదు. చేయి తీసేసినా స్ఖలనమైపోతే మీరు తొమ్మిది దగ్గర ఆగారని అర్థం, మరుసటిసారి ఐదు దగ్గరే ఆగండి.

మూడు, నాలుగు వారాల్లో ఇదే సాధనను జారుడు జెల్లీతో చేయండి. అది యోని స్పర్శకు దగ్గరగా ఉంటుంది కాబట్టి కొత్తలో మళ్లీ త్వరగా అయిపోవచ్చు, అందులో ఆందోళన పడవలసినది లేదు. కండోమ్ వాడే దశకు వచ్చాక మాత్రం కొబ్బరినూనె వంటివి వాడకండి, నూనె రబ్బరును చింపేస్తుంది.

ఆగినా ఉద్రేకం దిగనివారికి నొక్కిపట్టడం పనికివస్తుంది. అంగం కింది వైపున తల, కాండం కలిసే చోట బొటనవేలు పెట్టి, పై వైపున తల అంచుకు అటూ ఇటూ చూపుడువేలు, మధ్యవేలు ఉంచి, నొప్పి పుట్టనంత గట్టిగా కొన్ని సెకండ్లు నొక్కి వదలండి. అర నిమిషం ఆగి మళ్లీ మొదలుపెట్టండి. బిగుతు కొంత తగ్గడం సహజం, అది తిరిగి వస్తుంది. వీర్యం కదలడం మొదలైపోయాక మాత్రం నొక్కవద్దు.

ఎక్కువమంది రెండు చోట్ల పొరబడతారు. ఒకటి, ఆలస్యం కావాలని మనసును ఆఫీసు పనుల మీదకో లెక్కల మీదకో మళ్లించడం. అలా చేస్తే ఏడు ఎప్పుడు దాటిందో తెలియకుండా పోతుంది. ధ్యాస అంగంలోని అనుభూతి మీదనే ఉండాలి. రెండోది, ఆపుకోవాలని పిరుదులు, తొడలు బిగించి ఊపిరి బిగపట్టడం. బిగుతు స్ఖలనాన్ని దగ్గర చేస్తుంది. ఆగిన ప్రతిసారీ కటి భాగాన్ని వదులుగా విడవండి.

ఐదో వారానికి ముందే మీ శ్రీమతితో మాట్లాడాలి. ఆమె ఏమీ అనకపోయినా, మీరు తప్పించుకోవడాన్ని తన మీద అయిష్టంగా అర్థం చేసుకుని ఉండవచ్చు. విషయం ఇదీ, కొన్ని వారాలు ఇలా సాధన చేయాలి, నీ సాయం కావాలి అని స్పష్టంగా చెప్పండి. ఆమెకు ఇష్టమైతే ఐదు, ఆరు వారాల్లో ఆమె చేతితో ఇదే అభ్యాసం చేయండి. ఎప్పుడు ఆపాలో మీరే మాటతో చెప్పాలి. అప్పటిదాకా అంగప్రవేశం వద్దని ఇద్దరూ ముందే అనుకుంటే పరీక్ష భయం పోతుంది. ఆ రోజుల్లో ఆమెకు సుఖం చేతితో, స్పర్శతో అందించవచ్చు. చాలామంది స్త్రీలకు అంగప్రవేశం ఒక్కటే తృప్తినివ్వదు కాబట్టి, తరువాత కూడా దీన్ని మానవద్దు.

ఏడో వారంలో ఆమె పైన ఉండగా అంగప్రవేశం జరిగాక ఇద్దరూ కదలకుండా ఉండండి. ఆ స్పర్శకు అలవాటు పడ్డాక ఆమె నెమ్మదిగా కదలవచ్చు, మీరు చెప్పగానే ఆగాలి. మీరు పైన ఉండే భంగిమ చివర రావాలి, అందులో కండరాల బిగుతు ఎక్కువ. ఎంత సేపు లక్ష్యంగా పెట్టుకోవాలన్న సందేహం వస్తుంది. ఐదు దేశాల్లో స్టాప్‌వాచ్‌తో కొలిచి 2005లో ప్రచురించిన అధ్యయనంలో, సగంమంది పురుషులకు అంగప్రవేశం తరువాత 5.4 నిమిషాల లోపే స్ఖలనమైంది. అశ్లీల వీడియోల్లో కనిపించే అరగంటలతో పోల్చుకోకండి.

పన్నెండు వారాలు క్రమంగా చేసినా మార్పు కనిపించకపోతే మూత్రవ్యాధి నిపుణుణ్ణి కానీ, మానసిక వైద్యుణ్ణి కానీ కలవండి. మొదటి నుంచీ ఒక నిమిషం లోపే అయ్యేవారిలో కొందరికి సాధనతోపాటు డపోక్సెటిన్ వంటి మాత్ర అవసరమవుతుంది, దాన్ని వైద్యుడి చీటీ లేకుండా కొనవద్దు. అంగస్తంభన సరిగా నిలవకపోయినా, మూత్రంలో మంట, కటి భాగంలో నొప్పి ఉన్నా, గుండెదడతో బరువు తగ్గుతున్నా పన్నెండు వారాలు ఆగకుండా వెంటనే వెళ్లండి. ప్రోస్టేట్ వాపు, థైరాయిడ్ అతిగా పనిచేయడం కూడా స్ఖలనాన్ని త్వరపెడతాయి.

అభ్యాసం పూర్తిగా మానేస్తే పాత వేగం మెల్లగా తిరిగి రావచ్చు. ప్రయాణాల వల్లో, ఆమె పుట్టింటికి వెళ్లడం వల్లో ఎడం వచ్చినప్పుడు ఒకటి, రెండు రోజులు చేతితో చేసే దశకు వెనక్కి వెళ్లి, అక్కడి నుంచి మళ్లీ ముందుకు రండి.