‘చెప్పు’, ‘చెప్పుకో’: ఏది ఓదార్పు?

సందేహం: స్నేహితురాలు ఇలా మెసేజ్ పెట్టింది: “పొలం పంపకాల దగ్గర అన్నయ్యతో గొడవైంది. అమ్మ కూడా ఆయన వైపే మాట్లాడింది.” సలహా ఇవ్వకుండా, వింటానని మాత్రం చెప్పాలని ఉంది. “వినడానికి నేను ఇక్కడ ఉన్నాను” అని రాస్తే కృతకంగా అనిపించింది. తెలుగులో ఏమనాలి?

సమాధానం: “నేనున్నాను” మన మాటే. ముందు ‘వినడానికి’, మధ్యలో ‘ఇక్కడ’ చేరేసరికి కౌంటరు మీది బోర్డులా తయారైంది. “చెప్పు, వింటున్నా” చాలు.

ఇక్కడ అక్కరకొచ్చేది క్రియ చివర చేరే ‘కొను’. వండు అంటే ఎవరికైనా వండవచ్చు, వండుకో అంటే తన కోసమే. అలాగే ‘చెప్పు’లో సమాచారం వినేవాళ్లకు చేరుతుంది. ‘చెప్పుకోవడం’లో తేలికపడేది చెప్పేవాళ్ల మనసు. అయితే ఒంటిగా “చెప్పుకో” అని రాయకండి. “ఎవరికి చెప్పుకుంటావో చెప్పుకో” అనే సవాలు ఆ రూపానికి అంటుకుని ఉంది, రాతలో గొంతు వినబడదు కాబట్టి ఆ అర్థమే ముందు తగలవచ్చు. “చెప్పుకోవాలనిపిస్తే చెప్పు” అంటే ఆ ప్రమాదం లేదు, బలవంతమూ లేదు.

ఇక ఆమె వాక్యం చూడండి. బరువంతా ‘కూడా’ మీద ఉంది. అన్నయ్యతో గొడవ ఒక ఎత్తు, అమ్మ అటు నిలబడటం ఒక ఎత్తు. పొలం సంగతి ఎత్తితే ఆ ‘కూడా’ మీ చెవిన పడలేదన్నమాటే. “అయ్యో, అమ్మ కూడా అలా అందంటే ఎంత నొచ్చుకున్నావో!” అనండి. చివరి ‘ఓ’ చిన్నదే కానీ మర్యాద తెలిసినది: నీ బాధ ఎంతో నాకు పూర్తిగా తెలియదని ఒప్పుకుంటుంది. “నాకు అర్థమైంది” అన్న మాటలో ఆ ఒప్పుకోలు లేదు.

చెడగొట్టేవి రెండు. “నువ్వు ముందే అడగాల్సింది” అంటే తప్పు ఆమె మీదికి పోతుంది. “అన్నీ సర్దుకుంటాయిలే” మంచి మనసుతోనే అంటాం, కానీ ఆ ‘లే’ మాట తెంచేస్తుంది. జవాబుగా “సరేలే” వచ్చిందంటే ఆమె మూసుకుపోయిందని గుర్తు. అన్నయ్యను తిట్టడం వేరే తంటా. రేపు వాళ్లు కలిసిపోతారు, మీ మాట మిగిలిపోతుంది.

“ఎప్పుడైనా ఫోన్ చెయ్యి” అంటే పని ఆమెకే అప్పగించినట్టు. “రాత్రి తొమ్మిదికి నేనే చేయనా?” అని అడిగితే ఆమె ఊఁ అంటే సరిపోతుంది.

అన్నీ కలిపితే: “అయ్యో, అమ్మ కూడా అలా అందంటే ఎంత నొచ్చుకున్నావో! చెప్పుకోవాలనిపిస్తే చెప్పు, నేనేం సలహాలివ్వను. రాత్రి తొమ్మిదికి ఫోన్ చేయనా?” ఆమె తనంతట తాను “ఏం చేయమంటావు?” అని అడిగితే, అప్పుడు కూడా ముందు “నీకేమనిపిస్తోంది?” అనే అడగండి. పెద్దవాళ్లయితే ఇవే మాటలు ‘మీరు’తో.