నూగు షేవ్ చేస్తే గడ్డం వస్తుందా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. బుగ్గల మీద, చెవుల పక్కన సన్నటి నూగు ఉంది. పౌడర్ వేసుకుంటే ఇంకా బాగా కనిపిస్తుంది. పోయిన నెల ఫేస్ రేజర్‌తో తీసేశాను. మూడు నాలుగు రోజులు నున్నగా ఉంది, ఆ తర్వాత చెయ్యి పెడితే గరుకుగా తగులుతోంది. గడ్డంలా మందంగా వస్తోందేమోనని టెన్షన్‌గా ఉంది. మానేయాలా?

జవాబు: మానేయక్కర్లేదు, షేవ్ చేసినంత మాత్రాన గడ్డం రాదు. అయితే ఆ గరుకు మాత్రం మీ భ్రమ కాదు. తాకని నూగు వెంట్రుక కొస బాగా సన్నబడి, మెత్తగా ఉంటుంది కాబట్టి వేలికి తెలియదు. బ్లేడు దాన్ని చర్మం దగ్గర అడ్డంగా కోసేస్తే, మళ్లీ పైకి వచ్చేటప్పుడు ముందు కనిపించేది ఆ కోసిన మొద్దు కొసే. పైగా పొట్టిగా ఉన్నప్పుడు వెంట్రుక వంగదు, నిటారుగా నిలబడి వేలికి గుచ్చుకుంటుంది. కాస్త పెరిగి పక్కకి వాలాక గరుకు దానంతటదే తగ్గిపోతుంది.

వెంట్రుక ఎంత మందంగా రావాలి, ఏ రంగులో రావాలి అనేది తేలేది చర్మం లోపలున్న కుదురులో. బ్లేడు అక్కడిదాకా వెళ్లదు. 1970లో వచ్చిన ఒక అధ్యయనంలో ఐదుగురు యువకులు కొన్ని నెలల పాటు వారం వారం ఒక కాలు మాత్రమే షేవ్ చేసుకున్నారు. రెండు కాళ్ల వెంట్రుకలనూ పోల్చి చూస్తే మందంలోగానీ, పెరిగే వేగంలోగానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మరి ఈ నమ్మకం ఎలా పుట్టిందంటే, మగపిల్లలు షేవింగ్ మొదలుపెట్టేదే హార్మోన్ల వల్ల గడ్డం ముదిరే వయసులో, ఎటూ మందమయ్యే గడ్డానికి పాపం బ్లేడు మీద నింద పడింది!

ఇక ఎన్నాళ్లు ఉంటుందంటారా, మూడు నుంచి ఐదు రోజుల్లో చేతికి తగలడం మొదలవుతుంది, రెండు నుంచి నాలుగు వారాల్లో చాలామందికి మునుపటిలాగే కనిపిస్తుంది. అంటే ఇది మళ్లీ మళ్లీ చేసుకోవాల్సిన పనే, ఎన్నిసార్లు చేసినా నూగు తగ్గిపోవడం ఉండదు. ఈ మాట ముందే తెలిసి మొదలుపెడితే తర్వాత నిరాశ ఉండదు.

చేసే పద్ధతి ముఖ్యం. ముఖం కడిగి, తడి పూర్తిగా ఆరాక, ఒక చేత్తో బుగ్గను చెవి వైపు లాగి పట్టుకోండి. ఒక్క బ్లేడు ఉన్న ఫేస్ రేజర్‌ను సుమారు 45 డిగ్రీల వాలులో పెట్టి, వెంట్రుకలు వాలిన దిక్కుకే, అంటే బుగ్గ మీద ఎక్కువగా పైనుంచి కిందికి, చిన్న చిన్న గీతలుగా లాగండి. నొక్కకూడదు. పొడిచర్మం మీద రేజర్ పట్టుకుంటూ ఉంటే కాస్త అలోవెరా జెల్ రాసుకోవచ్చు. ఒకే చోట రెండుసార్లకు మించి గీశారంటే పైపొర లేచిపోయి, సాయంత్రానికి మంట, ఎరుపు మొదలవుతాయి. మొటిమలు, ఉబ్బెత్తు పుట్టుమచ్చలు, పెదవి దగ్గర పొక్కులు ఉన్నచోట వదిలేయండి. చిన్న పులిపిర్లు ఉంటే అసలు షేవ్ చేయొద్దు, బ్లేడు వెళ్లిన గీత వెంబడే వరసగా కొత్తవి లేస్తాయి. అయిపోయాక వాసన లేని మాయిశ్చరైజర్ చాలు. రెండు రోజులు రెటినాల్, గ్లైకాలిక్ యాసిడ్ లాంటివి పక్కన పెట్టి, పగలు సన్‌స్క్రీన్ రాసుకోండి. బ్లేడు రెండు మూడు వాడకాలకు మార్చేయాలి, ఎవరితోనూ పంచుకోకూడదు.

అయినా అనుమానం తీరకపోతే, ఆరు వారాలు రేజర్ ముట్టుకోకుండా ఉండి, కిటికీ పక్కన పగటి వెలుతురులో బుగ్గ ఫొటో తీసి, షేవ్ చేయకముందు ఫొటోతో పక్కపక్కన పెట్టి చూడండి. అదే సన్నటి, రంగు తేలని నూగు కనిపిస్తే గొడవ లేదు. అలా కాకుండా చుబుకం కింద, దవడ వెంబడి, పైపెదవి మీద నల్లగా, బిరుసుగా, ఒక్కొక్కటి విడిగా లెక్కపెట్టగలిగేలా వస్తుంటే అవి నూగు కావు. వాటికి తోడు నెలసరి తప్పుతుండటం, మొటిమలు తగ్గకపోవడం, తలమీద జుట్టు పలచబడటం ఉంటే పీసీఓఎస్ లాంటి హార్మోన్ సమస్య ఉందేమో పరీక్షలు చేయించుకోవాలి. కొద్ది నెలల్లోనే ఉన్నట్టుండి పెరిగినా, గొంతు బొంగురుపోతున్నా ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

లేజర్ గురించి మీరు అడగలేదుగానీ, ఎవరో ఒకరు చేయించుకోమంటారు కాబట్టి చెబుతున్నా. లేజర్ పట్టుకునేది వెంట్రుకలోని నల్లరంగును. నూగులో అది చాలా తక్కువ కాబట్టి పెద్దగా ఫలితం ఉండదు. పైగా ముఖం మీద సన్నటి నూగుకి లేజర్ చేయిస్తే, కొందరు ఆడవాళ్లలో, ముఖ్యంగా చామనఛాయ, అంతకంటే ముదురు చర్మం ఉన్నవాళ్లలో, ఆ చుట్టుపక్కల వెంట్రుకలు నిజంగానే ముదురుతాయి. షేవింగ్ విషయంలో మీరు భయపడుతున్నది అక్కడ జరిగే అవకాశం ఉంది. మీ నూగుకైతే నేను లేజర్ రాయను.