మినిట్స్‌లో కాలం, పేర్లు, తీర్మానం వాక్యం

సందేహం: మా కమిటీ సమావేశాల మినిట్స్, తీర్మానాలు సంతకాలకు వెళ్లేముందు నేనే దిద్దుతాను. ఒకే పేజీలో ‘చర్చించారు’, ‘చర్చించడం జరిగింది’, ‘సమర్పిస్తారు’, ‘తీర్మానించబడినది’ అని రకరకాలుగా రాస్తున్నారు. అంతా భూతకాలంలోకి మార్చేయాలా? తీర్మానం వాక్యం ఎలా ముగియాలి? హాజరైనవారి పేర్లలో ఏమేం చూడాలి?

సమాధానం: అంతా భూతకాలంలోకి మార్చకండి. సమావేశంలో జరిగిన పనికి భూతకాలమే: అధ్యక్షత వహించారు, ప్రతిపాదించారు, బలపరిచారు, అభ్యంతరం చెప్పారు. కానీ ఒకరు అన్న మాటను ‘అని’తో కలిపి రాసేటప్పుడు లోపలి క్రియ ఆయన పలికిన కాలంలోనే ఉంటుంది. ‘రసీదులు పోయాయి, మళ్లీ తెప్పిస్తాను’ అని కార్యదర్శి చెబితే, ‘రసీదులు పోయాయని, మళ్లీ తెప్పిస్తానని కార్యదర్శి తెలిపారు’ అనాలి. ‘తెప్పించేవాడినని తెలిపారు’ అని దిద్దితే హామీ కాస్తా పాత అలవాటు అయిపోతుంది.

అసలు చిక్కు ‘సమర్పిస్తారు’ దగ్గరుంది. ‘కోశాధికారి ప్రతి నెలా లెక్కలు సమర్పిస్తారు’ అన్న వాక్యం చూడండి. ఇప్పటికే సమర్పిస్తున్నారా, సమర్పిస్తానని ఆయన మాటిచ్చారా, సమర్పించాలని కమిటీ నిర్ణయించిందా? తెలుగులో ఈ క్రియారూపం అలవాటుకీ భవిష్యత్తుకీ కూడా పనికొస్తుంది కనుక వాక్యం మూడు అర్థాలకూ లొంగుతుంది. లెక్కలు రానప్పుడు ఎవరికి నచ్చిన అర్థం వారు తీస్తారు. ‘సమర్పిస్తున్నారు’, ‘సమర్పిస్తానని హామీ ఇచ్చారు’, ‘సమర్పించాలని కమిటీ తీర్మానించింది’ – ఈ మూడింటిలో ఏది నిజమో మినిట్స్ రాసినవారిని అడిగి అదే పెట్టండి. ఊహించి పెట్టకూడదు.

‘చర్చించడం జరిగింది’ తప్పు కాదు గానీ ఎవరు చర్చించారో దాచేస్తుంది. ‘సభ్యులు చర్చించారు’ అంటే సరిపోతుంది. ‘వచ్చే నెల’, ‘నిన్నటి ఉత్తరం’ వంటివి కనబడితే పక్కన తేదీ వేయించండి. మినిట్స్‌ను ఆరు నెలల తర్వాత తెరిచేవారికి ‘నిన్న’ ఏ రోజో తెలియదు.

ఇక తీర్మానం. ఒక చిత్తుప్రతి ఇలా ఉందనుకోండి:

‘బ్యాంకు ఖాతా లావాదేవీలు ఇకపై అధ్యక్షులు, కార్యదర్శి, కోశాధికారి సంతకాలతో నిర్వహించబడతాయి అని తీర్మానించబడినది.’

పైకి కనిపించే లోపం ‘బడు’ ప్రయోగం. రెండుచోట్లా తీసేయాల్సిందే, కానీ అది చిన్న విషయం. పెద్దది ‘సంతకాలతో’ అన్న మాట. ముగ్గురూ సంతకం చేయాలా, ఇద్దరు చాలా, ఒక్కరు చేసినా చెల్లుతుందా? కామాలతో వరసగా రాసిన పేర్లకు తెలుగులో ‘అందరూ’ అన్న అర్థమే ముందు తోస్తుంది. కమిటీ ఉద్దేశం ఇద్దరే అయితే, ఒకరు ఊళ్లో లేనినాడు చెక్కు ఆగిపోతుంది. ‘మరియు/లేదా’ పెడితే గొడవ తీరదు, కాగితానికెక్కుతుంది. ‘ఇకపై’ ఎప్పటినుంచో తెలియదు. పాత సంతకందారుల అధికారం ఏమైందో ఎక్కడా లేదు. ‘నిర్వహించబడతాయి’ అనేది సమాచారంలా వినిపిస్తుందే తప్ప ఆదేశంలా లేదు.

కమిటీ ఉద్దేశం ఏమిటో కార్యదర్శిని లిఖితంగా అడగండి. జవాబు ‘కోశాధికారి తప్పనిసరి, మిగతా ఇద్దరిలో ఒకరు’ అయితే, పాతవారి అధికారాన్ని రద్దు చేశారని కూడా ఆయన చెబితే, వాక్యం ఇలా అవుతుంది:

‘సంఘం బ్యాంకు ఖాతాను ఈ తీర్మానం తేదీ నుంచి కోశాధికారి సంతకంతోను, దానితోపాటు అధ్యక్షులు, కార్యదర్శి ఈ ఇద్దరిలో ఏ ఒక్కరి సంతకంతోనైనా నడపాలని, ఇంతకుముందు సంతకం చేసే అధికారం ఉన్నవారి అధికారాన్ని అదే తేదీ నుంచి రద్దు చేయాలని కమిటీ తీర్మానించింది.’

జవాబు ‘ముగ్గురిలో ఏ ఇద్దరైనా’ అయితే ఆ మాటలే రాయండి. ఖాతా నంబరు, పదవుల పక్కన ఆయా వ్యక్తుల పూర్తి పేర్లు కూడా ఉండాలి. పదవి ఒక్కటే ఉంటే అప్పుడు ఆ పదవిలో ఎవరున్నారో వేరే కాగితంతో చూపించాల్సి వస్తుంది.

ముగింపు క్రియ ‘తీర్మానించింది’ అయినా, ‘తీర్మానించడమైనది’ అయినా ఒప్పే. రెండోది దస్తావేజుల శైలి, నకలు ఇచ్చేటప్పుడు కొందరికి అదే ఇష్టం. సభ్యులందరూ సంతకం చేసే పుస్తకంలో ‘తీర్మానించుకున్నాం’ కూడా చక్కగా నప్పుతుంది. ఒక పుస్తకంలో ఒక్కటే వాడండి. ‘తగు చర్యలు తీసుకోవాలని’ అన్నది మాత్రం నా దృష్టిలో తీర్మానమే కాదు. ఎవరు, ఏ పని, ఏ తేదీలోగా అన్నది లేకపోతే అక్కడ ప్రశ్నార్థకం వేసి వెనక్కి పంపండి. ఒక హద్దు మరవకండి: సభలో చదివి ఓటు వేసిన పాఠం ఉంటే అది అక్షరాలా అలాగే ఉండాలి. అందులో అర్థం మారే దిద్దుబాటు మీ చేతిలో లేదు.

పేర్ల దగ్గర ముందు లెక్క చూడండి. కమిటీలో 9 మంది, హాజరు 7 అని ఉందనుకోండి. ఒకరు రెండో అంశం తర్వాత వచ్చారు, మరొకరు ఐదో అంశానికి ముందు వెళ్లారు. ఐదో అంశంలో ‘అనుకూలం 5, వ్యతిరేకం 2’ అని రాశారంటే లెక్క తప్పింది, ఎందుకంటే అప్పుడు గదిలో ఉన్నది 6 మందే. ఎవరు ఏ అంశం దగ్గర వచ్చారో, వెళ్లారో ఆ చోటే రాస్తే ఈ తేడా వెంటనే దొరుకుతుంది. ఓటు వేయకుండా ఉన్నవారు ఒక్కరున్నా ‘ఏకగ్రీవంగా’ అన్న మాటను అనుమానించండి. అంకెలు వేయడం క్షేమం. ప్రత్యేక ఆహ్వానితులను సభ్యుల వరుసలో కలిపితే కోరం లెక్క కూడా చెడుతుంది.

తర్వాత అక్షరాలు. ప్రతి పేరునూ సభ్యత్వ పుస్తకంతో పోల్చండి, గత మినిట్స్‌తో కాదు. పాత తప్పు అలాగే నకలవుతూ వస్తుంది. లక్ష్మి, లక్ష్మీ రెండూ ఉంటాయి, పుస్తకంలో ఉన్నదే ఖాయం. ఇంటిపేరు పొడి అక్షరాల దగ్గర మరీ జాగ్రత్త. చెరుకూరి అన్న ఇంటిపేరును ఇంగ్లీషు పొడి అక్షరాలతో రాసి, దాన్ని మళ్లీ తెలుగులోకి తెచ్చేసరికి ‘సి.హెచ్.’ అవుతుంది. చదివేవారికి అది రెండు పేర్ల పొడి అక్షరాల్లా కనబడుతుంది. హాజరు పట్టీలోనైనా ఇంటిపేరు పూర్తిగా రాయించండి. అప్పుడు ఇద్దరు కె. శ్రీనివాసరావులు ఉన్నా ఎవరు బలపరిచారో తేలుతుంది. శ్రీ, గారు రెండూ ఒకే పేరుకు అక్కర్లేదు. ఒకరికి ‘గారు’ పెట్టి మరొకరికి వదిలేస్తే కావాలని చేసినట్టుంటుంది. పట్టీలో శ్రీ/శ్రీమతి ఉంచి, కథనంలో పదవితోనే పిలవడం తేలిక.

కథనంలో ‘ఆయన’ ఎవరన్నది కూడా చూడండి. ‘ఆయన వివరణ ఇవ్వాలని కార్యదర్శి కోశాధికారిని కోరారు’ అన్నచోట ఆయన బదులు ‘కోశాధికారి వివరణ ఇవ్వాలని కార్యదర్శి కోరారు’ అంటే సందేహం ఉండదు.

ఇదంతా సంతకాలకు ముందు మాట. సంతకం అయిన పేజీలో తప్పు దొరికితే తెల్లసిరా పూయకండి, పేజీ మార్చకండి. అక్షరదోషమైతే పాతది చదవగలిగేలా అడ్డగీత గీసి, పైన సరైనది రాసి, అధ్యక్షుల పొడి సంతకం, తేదీ తీసుకోండి. పేరు, అంకె, సంతకాల పద్ధతి వంటిదైతే ఆ పేజీని ముట్టుకోకుండా, తర్వాతి సమావేశంలో ఫలానా తేదీ మినిట్స్‌లో ఫలానా అంశం కింద ఉన్న మాటను ఇలా సవరించారని కొత్త అంశంగా రాయించండి.